ఒకే మీటింగ్ కబురు మెయిల్‌లో, చాట్‌లో, ఎస్సెమ్మెస్‌లో: ఒక్క వివరం కూడా మారకుండా రాయడం ఎలా

మీటింగ్ తేదీ మారింది, అందరికీ చెప్పాలి. కొందరు మెయిల్ చూస్తారు, కొందరు గ్రూప్‌లో తప్ప ఎక్కడా చూడరు, ఒకరిద్దరికి ఎస్సెమ్మెస్ పెడితే తప్ప తెలియదు. మనం ముందు మెయిల్ రాసి పంపేసి, దాన్ని తలచుకుంటూ చాట్‌లో నాలుగు ముక్కలు టైప్ చేసి, ఆ చాట్‌ని ఇంకా కుదించి ఎస్సెమ్మెస్ కొడతాం. మూడూ చేరతాయి. కానీ ఒకరు "వస్తున్నానని మళ్లీ చెప్పాలా?" అని అడుగుతారు, ఇంకొకరు ప్రింట్ తేకుండా వచ్చేస్తారు, మరొకరు అసలు అది ఇంకా ఖాయం కాలేదనుకుంటారు. ముగ్గురూ తమకు వచ్చింది సరిగ్గానే చదివారు, తేడా అంతా మనం రాసినదాంట్లోనే ఉంది.

తేదీ, టైమ్ తప్పు పడటం నిజానికి తక్కువే, ఎందుకంటే అంకెల మీద అందరికీ జాగ్రత్త ఉంటుంది. జారిపోయేవి వేరే ఉన్నాయి: ఇది ఖాయమా కాదా, రావడం తప్పనిసరా కాదా, జవాబు ఎవరు ఇవ్వాలి. ఇవి అంకెలు కావు, మాట తీరులో దాగి ఉంటాయి, అందుకే మాట తీరు మార్చగానే దాంతో పాటు ఇవీ మారిపోతాయి. ఈ గైడ్ ఎక్కువగా వాటి గురించే.

ముందు మెసేజ్ రాయకండి, వివరాల చీటీ రాయండి

మెయిల్ నుంచి చాట్‌ని, చాట్ నుంచి ఎస్సెమ్మెస్‌ని తీయకండి. ఒకదాని నుంచి ఒకటి తీస్తే ఒక్కో మెట్టు దగ్గరా ఏదో ఒకటి రాలిపోతుంది. మూడింటినీ ఒకే చీటీ నుంచి విడివిడిగా రాయాలి. చీటీలో వాక్యాలు, మర్యాదలు అక్కర్లేదు, పొడిపొడిగా ఉండాలి. ఒక ఉదాహరణ తీసుకుందాం, చివరిదాకా దీన్నే వాడదాం:

1. విషయం: ఖర్చుల రివ్యూ మీటింగ్
2. కొత్త సమయం: 2026 మార్చి 12, గురువారం, మధ్యాహ్నం 3:30 నుంచి 4:30 వరకు
3. రద్దయినది: మార్చి 10, మంగళవారం, ఉదయం 11
4. చోటు: మూడో అంతస్తు మీటింగ్ హాల్ (మారలేదు)
5. స్థితి: ఖాయం
6. ఎవరు: నాలుగు విభాగాల ఇన్‌చార్జులు, హాజరు తప్పనిసరి
7. తేవలసింది: తమ విభాగం ఫిబ్రవరి ఖర్చుల షీట్, ప్రింట్
8. జవాబు: వచ్చేవాళ్లూ రాలేనివాళ్లూ అందరూ చెప్పాలి; రాలేకపోతే బదులుగా ఎవరు వస్తారో చెప్పాలి
9. జవాబుకు గడువు: మార్చి 9, సోమవారం, సాయంత్రం 5 లోపు
10. జవాబు ఎక్కడ: మెసేజ్ ఎక్కడ వచ్చిందో అక్కడే, కోఆర్డినేటర్‌కి

వారం పేరు, తేదీ రెండూ రాయమని చెప్పడానికి కారణం ఉంది. రెండూ ఉంటే ఒకదాన్ని ఇంకొకటి సరిచూస్తుంది. "మార్చి 13 గురువారం" అని పొరపాటున పడితే చదివేవాళ్లలో ఎవరో ఒకరు క్యాలెండర్ చూసి వెంటనే అడుగుతారు. ఒట్టి "మార్చి 13" అని ఉంటే ఎవరూ అడగరు, శుక్రవారం వచ్చి ఖాళీ హాల్లో కూర్చుంటారు. ఇలాగే 12/3 అని అంకెల్లో రాయకండి, దాన్ని డిసెంబర్ 3 అని చదివే పద్ధతి కూడా ప్రపంచంలో ఉంది. నెల పేరు అక్షరాల్లో రాస్తే గొడవే లేదు. మీటింగ్‌కి వేరే టైమ్ జోన్ వాళ్లు కూడా ఉంటే ఏ జోన్ టైమో కూడా ఈ చీటీలోనే చేరుతుంది, మూడు మెసేజ్‌లలోనూ కనిపించాలి.

రద్దయినదాన్ని విడిగా రాయడం చాలామంది అనవసరం అనుకుంటారు. కొత్త తేదీ చెప్పాక పాతది పోయినట్టే కదా అని. చదివేవాళ్లకి అలా అనిపించకపోవచ్చు, రెండు మీటింగ్‌లు ఉన్నాయేమో, మంగళవారానిది వేరేదేమో అనుకునే అవకాశం ఉంది. ఇంకొకటి, "మీటింగ్ రెండు రోజులు ముందుకు జరిపాం" అని మాత్రం ఎప్పుడూ రాయకండి. సగం మంది ఎనిమిదో తేదీ అనుకుంటారు, సగం మంది పన్నెండు అనుకుంటారు. పాత తేదీ, కొత్త తేదీ రెండూ పేరు పెట్టి చెప్పేస్తే ఆ సందేహానికి చోటే ఉండదు.

గడువు దగ్గర కూడా ఇలాంటిదే. "సోమవారం లోపు" అంటే సోమవారం కలుస్తుందా, ఆదివారం రాత్రితో అయిపోతుందా? ఒక్కొక్కరు ఒక్కోలా అనుకుంటారు. గంట చెబితే తేలిపోతుంది: సోమవారం సాయంత్రం 5 లోపు.

ఏది మారకూడదు, ఏది మారొచ్చు

చీటీ అయ్యాక ప్రతి లైను దగ్గరా ఒక ప్రశ్న వేసుకోండి: ఇది తెలియకపోతే అవతలి మనిషి ఏదైనా పని తప్పుగా చేస్తాడా? అవును అయితే అది మూడింటిలోనూ ఉండి తీరాలి. కాదు అయితే అది మెయిల్‌లో మాత్రమే ఉన్నా నష్టం లేదు. ఉదాహరణకి తేదీ ఎందుకు మారింది అనేది. రెండు విభాగాల లెక్కలు ఇంకా అందలేదు కాబట్టి వాయిదా వేశాం అనుకుందాం. ఇది తెలియకపోయినా ఎవరూ తప్పు తేదీకి రారు. అందుకే పై చీటీలో నేను దాన్ని పెట్టలేదు, మెయిల్‌లో ఒక వాక్యంగా వస్తుంది, చాట్‌లో అక్కర్లేదు. అయితే ఒక షరతు: చెప్పినచోట కారణం ఒక్కటే ఉండాలి. మెయిల్‌లో లెక్కలు అందలేదని, చాట్‌లో హాల్ ఖాళీ లేదని రాస్తే రెండూ చూసినవాళ్లకి ఏదో దాస్తున్నారనిపిస్తుంది.

సంవత్సరం కూడా ఇంతే. మెయిల్ ఫైల్లో ఉండిపోతుంది కాబట్టి అక్కడ రాయండి, నాలుగు రోజుల్లో జరిగే మీటింగ్‌కి చాట్‌లో 2026 అని రాయనక్కర్లేదు.

పలకరింపు, వాక్యాల పొడవు, "తెలియజేయగలరు" అనాలా "చెప్పండి" అనాలా, ఇవన్నీ మారొచ్చు, మారాలి కూడా.

మెయిల్

మెయిల్ సబ్జెక్ట్ లైన్‌లోనే సగం పని అయిపోవాలి. ఫోన్‌లో మెయిల్ చూసేవాళ్లకి సబ్జెక్ట్‌లో మొదటి కొన్ని పదాలే కనిపిస్తాయి, అందుకే "మీటింగ్ గురించి ముఖ్య గమనిక" లాంటివి మొదట్లో పెడితే ఆ చోటు వృథా. మార్పు అనే మాట, విషయం, కొత్త తేదీ, ఇవి ముందు రావాలి.

> సబ్జెక్ట్: మార్పు: ఖర్చుల రివ్యూ మీటింగ్, మార్చి 12 గురువారం మధ్యాహ్నం 3:30
>
> గౌరవనీయులైన విభాగ ఇన్‌చార్జులకు,
>
> నమస్కారం. ఖర్చుల రివ్యూ మీటింగ్ 2026 మార్చి 12, గురువారం, మధ్యాహ్నం 3:30 నుంచి 4:30 వరకు జరుగుతుంది. మార్చి 10, మంగళవారం ఉదయం 11 గంటలకు జరగవలసిన మీటింగ్ రద్దయింది. రెండు విభాగాల లెక్కలు ఇంకా అందవలసి ఉన్నందున ఈ మార్పు చేశాం. మీటింగ్ జరిగే చోటు మారలేదు: మూడో అంతస్తు మీటింగ్ హాల్.
>
> నాలుగు విభాగాల ఇన్‌చార్జుల హాజరు తప్పనిసరి. దయచేసి మీ విభాగం ఫిబ్రవరి ఖర్చుల షీట్ ప్రింట్ తీసి వెంట తీసుకురాగలరు.
>
> మీరు హాజరవుతున్నదీ లేనిదీ మార్చి 9, సోమవారం సాయంత్రం 5 గంటల లోపు ఈ మెయిల్‌కు జవాబుగా తెలియజేయగలరు. హాజరు కాలేనివారు తమ బదులుగా ఎవరు వస్తారో కూడా తెలియజేయవలసిందిగా కోరుతున్నాం.
>
> ఇట్లు,
> కోఆర్డినేటర్

ఇందులో "జరుగుతుంది" అనే ఒక్క మాట చూడండి. మర్యాదగా రాయాలి అనుకోగానే చేతికి వచ్చేది "నిర్వహించాలని భావిస్తున్నాం", "జరపాలని నిర్ణయించదలచాం" లాంటివి. వినడానికి బాగుంటాయి, కానీ చీటీలో ఐదో లైను "ఖాయం" అని ఉంది. "భావిస్తున్నాం" అన్నాక అది ఖాయం కాదు, ఇంకా ఆలోచనలో ఉంది. దాన్ని చదివిన ఇన్‌చార్జి తన క్యాలెండర్‌లో వేసుకోకుండా ఖాయమయ్యే మెయిల్ కోసం ఎదురుచూస్తాడు, అందులో అతని తప్పేమీ లేదు. మర్యాదని పలకరింపులో, కోరే చోట చూపించండి, జరిగే విషయం చెప్పే క్రియలో చూపించకండి.

ఇలాగే "వీలైతే హాజరు కాగలరని మనవి" అంటే ఆరో లైనులో ఉన్న తప్పనిసరి కాస్తా ఐచ్ఛికం అయిపోయింది. తప్పనిసరి అని చెప్పడానికి మొహమాటపడితే మెయిల్ మర్యాదగానే ఉంటుంది, కానీ మీటింగ్‌కి ఇద్దరే వస్తారు.

చాట్

చాట్‌లో ప్రమాదం సరిగ్గా దీనికి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. అక్కడ చనువు ఎక్కువ, ఎదురుగా మాట్లాడుతున్నట్టే రాస్తాం, అందుకే ఎల్లుండి, రేపు, ఈ గురువారం అనే మాటలు వాటంతటవే పడతాయి. చాట్‌ని మనం పంపిన రోజే అందరూ చూడరు. శనివారం పంపిన "ఎల్లుండి సాయంత్రం లోపు చెప్పండి" ఆదివారం తెరిచినవాళ్లకి మంగళవారం అవుతుంది. మెసేజ్ పక్కన తేదీ ఉంటుంది కదా అంటారేమో, దాన్ని చూసి లెక్కేసుకునేవాళ్లు తక్కువ, పైగా వేరే గ్రూప్‌కి ఫార్వర్డ్ అయితే కొత్త తేదీ పడుతుంది.

> ఖర్చుల రివ్యూ మీటింగ్ మారిందండీ. కొత్త టైమ్ మార్చి 12 గురువారం మధ్యాహ్నం 3:30 నుంచి 4:30.
> మార్చి 10 మంగళవారం ఉదయం 11కి పెట్టుకున్నది రద్దు.
> చోటు పాతదే, మూడో అంతస్తు మీటింగ్ హాల్.
> నాలుగు విభాగాల ఇన్‌చార్జులూ తప్పకుండా రావాలి. మీ విభాగం ఫిబ్రవరి ఖర్చుల షీట్ ప్రింట్ తీసి తెచ్చుకోండి.
> వస్తున్నా సరే, రాలేకపోయినా సరే, మార్చి 9 సోమవారం సాయంత్రం 5 లోపు ఇక్కడే మెసేజ్ పెట్టండి. రాలేనివాళ్లు బదులు ఎవరు వస్తారో కూడా చెప్పండి.

"వస్తున్నా సరే, రాలేకపోయినా సరే" అనేది కొంచెం పొడవే, అయినా అది తీసేయకూడదు. చాట్ భాషకి అలవాటైన మాట "రాలేనివాళ్లు చెప్పండి". అది చిన్నగా, హాయిగా ఉంది, కానీ దాని అర్థం వేరు: మాట్లాడకపోతే వస్తున్నట్టే అని. మెయిల్ చెప్పింది అందరూ చెప్పాలి అని. ఇప్పుడు సోమవారం సాయంత్రం 5 అయింది, ఒక ఇన్‌చార్జి నుంచి ఏమీ రాలేదు. అతను చాట్ చూసి వస్తున్నాడా, లేక ఏదీ చూడలేదా? తెలుసుకునే దారి లేదు, ఫోన్ చేయాల్సిందే. మూడు మెసేజ్‌లలో ఎక్కువగా తేడా పడేది ఈ ఒక్క లైనే, దీన్ని రెండుసార్లు చూసుకోండి.

బొటనవేలి గుర్తు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒకరు దాన్ని "చూశాను" అని పెడతారు, ఒకరు "వస్తాను" అని పెడతారు. అందుకే మెసేజ్ పెట్టండి అని రాశాను, రిప్లై ఇవ్వండి అంటే చాలామందికి ఆ గుర్తు కూడా రిప్లైయే.

గ్రూప్‌లో ఇన్‌చార్జులు కానివాళ్లు కూడా ఉంటే "అందరూ రావాలి" అనకండి. మెయిల్ నలుగురికే వెళ్లింది కాబట్టి అక్కడ "మీరు" అంటే సరిపోతుంది, గ్రూప్‌లో "అందరూ" అంటే ముప్పై మంది. ఎవరు రావాలో పేరు పెట్టి చెప్పాలి.

టైమ్‌ని మూడున్నర అని రాయొచ్చా అంటే, అర్థం అదే కానీ నేనైతే 3:30 అనే రాస్తాను. మీటింగ్ రోజు ఎవరో గ్రూప్‌లో వెతుక్కుంటారు, వాళ్లు వెతికేది 3:30 అనో మార్చి 12 అనో. మూడింటిలోనూ తేదీ, టైమ్ ఒకే రూపంలో ఉంటే వెతకడం తేలిక, సరిచూడటం కూడా తేలిక.

ఎస్సెమ్మెస్

ఇక్కడ చోటు నిజంగానే తక్కువ, తెలుగులో రాసేవాళ్లకి మరీ తక్కువ. ఒట్టి ఇంగ్లీష్ అక్షరాలు, అంకెలతో రాస్తే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 పడతాయి. మెసేజ్‌లో ఒక్క తెలుగు అక్షరం ఉన్నా ఆ లెక్క 70కి పడిపోతుంది. 70 దాటితే ఫోన్ దాన్ని ముక్కలు చేసి పంపి అవతల మళ్లీ కలుపుతుంది, ఆ కలిపే సమాచారానికి కొంత చోటు పోతుంది కాబట్టి ఒక్కో ముక్కలో 67 మాత్రమే. పైగా మనం ఒక అక్షరం అనుకునేది అక్కడ ఒకటి కాదు. గుణింతం గుర్తు, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. గురువారం అంటే మన కంటికి నాలుగైదు అక్షరాలు, ఎస్సెమ్మెస్ లెక్కలో ఎనిమిది. మార్చి ఆరు.

అంటే పది వివరాలని 70లో పెట్టడం కుదరని పని. ఇక్కడే చాలామంది సగం వివరాలు వదిలేసి ఒకే ముక్కలో పంపుతారు. అలా చేయకండి, ముక్కలు ఎక్కువైనా పర్వాలేదు, మాటలు తగ్గించండి, వివరాలు కాదు. చాట్‌లో రాసినదాన్ని ఉన్నదున్నట్టు పెడితే ఐదు ముక్కలు దాటిపోతుంది. పలకరింపు, "మీ విభాగం", "పెట్టుకున్నది" లాంటివి తీసేసి, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రాలకి అందరికీ తెలిసిన ఉ., మ., సా. వాడితే ఇలా వస్తుంది:

> ఖర్చుల రివ్యూ మార్చి 12 గురువారం మ.3:30-4:30కి మారింది. మార్చి 10 మంగళవారం ఉ.11ది రద్దు. 3వ అంతస్తు మీటింగ్ హాల్. హాజరు తప్పనిసరి. ఫిబ్రవరి ఖర్చుల షీట్ ప్రింట్ తేవాలి. వస్తారో రారో, రాకపోతే బదులు ఎవరో మార్చి 9 సోమవారం సా.5 లోపు ఇక్కడే చెప్పండి. -కోఆర్డినేటర్

ఇది సుమారు 260, అంటే నాలుగు ముక్కలు. "చోటు మారలేదు" అనే మాట పోయింది, కానీ చోటు పేరే ఉంది కాబట్టి ఎవరూ దారి తప్పరు. "ఇన్‌చార్జులు" కూడా పోయింది, ఎందుకంటే ఎస్సెమ్మెస్ విడివిడిగా వాళ్లకే వెళ్తుంది. చివర పంపినవాళ్లెవరో ఉండాలి, అవతలి ఫోన్‌లో మన నంబర్ సేవ్ అయి ఉంటుందన్న గ్యారంటీ లేదు కాబట్టి. మీరు పంపేటప్పుడు హోదాతో పాటు మీ పేరు కూడా పెట్టండి.

"వివరాలు మెయిల్‌లో చూడండి" అని రాసి చేతులు దులుపుకోవడం కూడా కనిపిస్తుంటుంది. మెయిల్ చూడని మనిషికే కదా మనం ఎస్సెమ్మెస్ పంపుతున్నది.

పంపేముందు వెనక్కి చదవండి

మూడూ పక్కపక్కన పెట్టుకుని పోల్చడం సరిపోదు. ఏం రాశామో మనకి తెలుసు కాబట్టి లేనిది కూడా ఉన్నట్టే కనిపిస్తుంది. దానికి బదులు వెనక నుంచి రండి. చీటీని పక్కన పెట్టేసి, ఎస్సెమ్మెస్ ఒక్కటే చూసి ఆ పది లైన్లూ మళ్లీ రాయండి. తర్వాత చాట్ చూసి, తర్వాత మెయిల్ చూసి. ఎక్కడైనా రాయడానికి ఊహించుకోవాల్సి వస్తే ఆ వివరం ఆ మెసేజ్‌లో లేనట్టే. విషయం తెలియని సహోద్యోగి ఒకరు దొరికితే ఇంకా మంచిది, ఒక్క వెర్షన్ మాత్రమే చూపించి "ఇప్పుడు నువ్వేం చేయాలి, ఎప్పటిలోగా?" అని అడగండి. ఎన్నింటికి మీటింగ్ అని అడగకండి, అది అందరూ చెప్పేస్తారు. ఏం చేయాలి అన్నప్పుడే ప్రింట్ సంగతి, జవాబు సంగతి బయటపడతాయి.

పై ఎస్సెమ్మెస్‌ని ఇలా చదివితే ఐదో లైను దగ్గర ఒక్క క్షణం ఆగుతాం, ఖాయం అనే మాట ఎక్కడా లేదు కదా అని. "మారింది", "రద్దు", "తప్పనిసరి" మూడూ సందేహం లేని మాటలు, అవే ఆ పని చేస్తున్నాయి. "మారొచ్చు" అని ఒక్క చోట ఉన్నా ఖాయం అనే అర్థం పోయేది.

పంపాక మళ్లీ మారితే

హాల్ దొరకలేదు, మీటింగ్ రెండో అంతస్తుకి మారింది అనుకోండి. ముందు చీటీలో నాలుగో లైను మార్చండి, తర్వాతే మెసేజ్‌లు. చాట్‌లో పాతదాన్ని ఎడిట్ చేసి ఊరుకోకండి. వాట్సాప్‌లో ఎడిట్‌కి 15 నిమిషాలే టైమ్ ఉంటుంది, ఉన్నా అప్పటికే చదివినవాళ్లు మళ్లీ తెరిచి చూస్తారన్న నమ్మకం లేదు. ఎస్సెమ్మెస్ వెళ్లిపోతే వెళ్లిపోయినట్టే. కాబట్టి మూడింటిలోనూ కొత్త మెసేజ్ వెళ్లాలి, "రెండో మార్పు" అని మొదలవ్వాలి, మారింది చోటు ఒక్కటే అని చెప్పి, మిగతా వివరాలన్నీ మళ్లీ ఇవ్వాలి. మారిన ముక్క ఒక్కటే పంపితే, మొదటి మెసేజ్ అందనివాళ్లకి చోటు తెలుస్తుంది, రోజు తెలియదు.

జవాబు ఇచ్చేసినవాళ్లు మళ్లీ ఇవ్వాలా వద్దా అన్నది కూడా ఆ మెసేజ్‌లోనే ఉండాలి. ఇప్పుడు అదీ చీటీలో ఒక కొత్త లైను, మూడు చోట్లా ఒకే అర్థంతో వెళ్లాలి: "ఇప్పటికే చెప్పినవాళ్లు మళ్లీ చెప్పనక్కర్లేదు, మిగతావాళ్లకి గడువు అదే, మార్చి 9 సోమవారం సాయంత్రం 5."